బంద్‌గలా కోటు చిత్రంలో కాలరు, గుండీలు, జేబులు సరిదిద్దడం ఎలా

కృత్రిమ మేధ మోడల్‌తో చీర కట్టుకున్న మనిషి చిత్రం చేయించినప్పుడు కుచ్చిళ్లు కొంచెం అటూఇటూ అయినా కంటికి ఇబ్బంది ఉండదు. అదే మోడల్‌తో జోధ్‌పురి కోటు, అంటే బంద్‌గలా, తొడుక్కున్న మనిషి చిత్రం చేయిస్తే ఒక గుండీ సెంటీమీటరు పక్కకు జరిగినా, కాలరు ఒకవైపు పొట్టిగా ఉన్నా, ఆ కోటు కుట్టడం రానివాడు కుట్టినట్టు కనిపిస్తుంది. కొలత పట్టి, కాన్వాసు వేసి, ఇస్త్రీతో నిలబెట్టిన దుస్తుల్లో ప్రతి కుట్టుకూ నిర్ణీతమైన స్థానం ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కడా దాగదు. పెళ్లి రిసెప్షన్ల కోసం కోట్లు కుట్టే దుకాణాలు ఇప్పుడు తమ కోటును ఒక మనిషికి తొడిగినట్టు చిత్రాలు చేయించుకుంటున్నాయి కనుక, అలాంటి ఒక చిత్రాన్నే తీసుకుని, దాన్ని బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రాములోనూ, ఎంచిన చోటును మాత్రమే మోడల్‌తో మళ్లీ గీయించే స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్‌యూఐ ఇన్‌పెయింట్ పేజీలోనూ ఎలా సరిదిద్దాలో వరుసగా చెబుతాను. మీరు వేరే పరికరాలు వాడుతున్నా కొలతలు, క్రమం ఇవే ఉంటాయి.

చిత్రం 1024 × 1536 పిక్సెల్‌లది. మనిషి తల నుంచి తొడల వరకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. దుకాణంలో ఉన్న అసలు కోటుకు ఐదు గుండీలు, ఎడమ రొమ్ము మీద ఒక పట్టీ జేబు, కింద రెండు ఫ్లాపు జేబులు ఉన్నాయి. మోడల్ ఇచ్చిన చిత్రంలో ఆరు గుండీలు ఉన్నాయి. అవి కిందికి పోయేకొద్దీ బొమ్మలో కుడివైపుకు జరిగాయి. కాలరు రెండు కొసల్లో ఒకటి పొట్టిగా, మొనదేలి ఉంది. రొమ్ము జేబు రెండు వైపులా ఉంది. కింది ఫ్లాపుల్లో ఒకటి జారినట్టు కిందికి ఉంది. దూరం నుంచి చూస్తే మాత్రం చిత్రం అందంగానే ఉంది, ప్రమాదం అక్కడే ఉంది.

ముందుగా తప్పు ఎందుకు వస్తుందో తెలుసుకోండి

కారణం తెలిస్తే ఏది మోడల్‌తో సరిచేయించాలో, ఏది చేత్తో సరిచేయాలో మీకే తెలుస్తుంది. ఈ తరహా మోడల్‌లు పిక్సెల్‌ల మీద నేరుగా పనిచేయవు. స్టేబుల్ డిఫ్యూజన్, ఎస్‌డీఎక్స్‌ఎల్ వంటివి చిత్రాన్ని నిలువునా, అడ్డంగా ఎనిమిదో వంతుకు కుదించిన లేటెంట్ అనే గడుల పలక మీద గీస్తాయి. అంటే 8 × 8 పిక్సెల్‌ల చోటుకు ఒక్క గడి వస్తుంది. మన చిత్రంలో ఒక మిల్లీమీటరుకు సుమారు 1.2 పిక్సెల్‌లు వస్తున్నాయి (ఈ లెక్క ఎలా తీయాలో కింద చెబుతాను). కోటు గుండీ అడ్డుకొలత సుమారు 20 మిల్లీమీటర్లు, అంటే 24 పిక్సెల్‌లు, అంటే మూడే మూడు గడులు. మూడు గడుల్లో ఒక గుండ్రని గుండీని, దాని రంధ్రాలను, దాని నీడను, పక్కన కాజాను ఇరికించాలి. మనిషిని పాదాల వరకు చూపించే చిత్రమైతే గుండీకి రెండు గడులకు మించి రావు. గుండీలు మసకగా, రకరకాల ఆకారాల్లో రావడానికి ఇదే కారణం.

లెక్క తప్పడానికి కారణం వేరు. మోడల్‌కు కోటు అంటే ఏ చోట ఏ ఆకృతి ఉండవచ్చో తెలుసు గానీ, ఐదు అని ఎంచడం, సమాన దూరాలు కొలవడం దాని పనితీరులో లేవు. కుడిఎడమల గందరగోళానికి మరో కారణం ఉంది. మోడల్‌లకు శిక్షణ ఇచ్చేటప్పుడు చిత్రాల సంఖ్య పెంచడానికి వాటిని అద్దంలో లాగా తిప్పి కూడా చూపించే అలవాటు ఉంది. పిల్లి బొమ్మకు దానివల్ల నష్టం లేదు. కోటుకు మాత్రం ఎడమ రొమ్ము జేబు కుడివైపుకు, మగవారి గుండీల వరుస ఆడవారి పద్ధతికి మారిపోతుంది. మీరే మీ దుకాణపు కోట్లను మోడల్‌కు అదనంగా నేర్పే చిన్న లోరా శిక్షణ చేసుకుంటూ ఉంటే, దానికి వాడే కోహ్యా స్క్రిప్టుల డేటాసెట్ ఫైలులో ఈ ఒక్క వరుస తప్పకుండా చూసుకోండి:

```
flip_aug = false
```

మొదటి పని: అసలు కోటును టేపుతో కొలవండి

చిత్రాన్ని ముట్టుకునే ముందు కోటును బల్ల మీద పరిచి, గుండీలన్నీ పెట్టి, ఆరు కొలతలు రాసుకోండి: కాలరు కుట్టు నుంచి కింది అంచు వరకు పొడవు, కాలరు ఎత్తు, కాలరు కుట్టు నుంచి మొదటి గుండీకి దూరం, గుండీకి గుండీకి దూరం, గుండీ నడిమి నుంచి పైపొర అంచుకు దూరం, ఫ్లాపు పొడవు వెడల్పులు. మన కోటుకు ఇవి వరుసగా 68 సెం.మీ., 4.5 సెం.మీ., 4 సెం.మీ., 10 సెం.మీ., 2 సెం.మీ., 15 × 5.5 సెం.మీ. కింది ఫ్లాపుల పైకుట్టు చివరి గుండీకి సరిగ్గా సమానమైన ఎత్తులో ఉంది.

కొలతలతో పాటు ఏ పొర పైన ఉందో కూడా రాసుకోండి. మగవారి కోటులో తొడుక్కున్న మనిషి ఎడమ పొర కుడి పొర మీదికి వస్తుంది. కాజాలు ఎడమ పొరకు, గుండీలు కుడి పొరకు ఉంటాయి. ఆడవారి దుస్తుల్లో సంప్రదాయంగా ఇది తారుమారు. మనిషి మనకు ఎదురుగా ఉన్నాడు కనుక ఆయన ఎడమ మన కుడి అవుతుంది. కాబట్టి పైపొర బొమ్మలో కుడి నుంచి వచ్చి, మధ్యగీతను దాటి, బొమ్మలో ఎడమవైపు ఆగాలి. ఈ ఒక్క వాక్యం దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు కనుక, నేను కాగితం మీద ఎప్పుడూ ‘ఎడమ’ అని ఊరికే రాయను. ‘మనిషి ఎడమ’ అనో, ‘బొమ్మ ఎడమ’ అనో రాస్తాను.

ఇప్పుడు చిత్రంలో పైఅంచు నుంచి పిక్సెల్‌లు లెక్కిస్తే కాలరు కుట్టు y = 370 దగ్గర, కింది అంచు y = 1186 దగ్గర ఉన్నాయి. తేడా 816 పిక్సెల్‌లు. దాన్ని 680 మిల్లీమీటర్లతో భాగిస్తే 1.2 వస్తుంది. కొలమానానికి నిలువు కొలతనే వాడండి. ఫ్లాపు వెడల్పు వంటి అడ్డు కొలతలు ఒంటి వంపుతో పక్కకు తిరిగిపోయి అసలుకన్నా తక్కువ కనిపిస్తాయి.

రెండో పని: మధ్యగీత గీయండి

అన్నిటికీ ఆధారం ఈ గీత. దీన్ని చిత్రం నడుమ నిలువుగా గీయకూడదు. మనిషి ఎంత నిటారుగా నిలబడ్డా కొంచెం ఒరుగుతాడు. గీతకు రెండు బిందువులు కావాలి. పైది కాలరు రెండు కొసలు కలిసే చీలిక. కిందిది కోటు అంచు కింద రెండు కాళ్ల నడుమ కనిపించే ఖాళీ. పైపొర అంచును ఆధారంగా తీసుకోకండి, ఎందుకంటే మోడల్ తప్పు గీసింది దాన్నే.

మన చిత్రంలో చీలిక (518, 316) దగ్గర, కింది ఖాళీ (500, 1216) దగ్గర ఉన్నాయి. 900 పిక్సెల్‌లు కిందికి వచ్చేసరికి గీత 18 పిక్సెల్‌లు ఎడమకు జరిగింది, అంటే ప్రతి వంద పిక్సెల్‌లకు 2. ఈ వాలు కోణం ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ. గింప్‌లో కొత్త లేయరు తెరిచి, పాత్ టూల్‌తో ఈ గీత గీసి, ఎర్రని సన్నని రంగు వేయండి. ఈ లేయరు చివరి వరకు ఉండాలి.

అడ్డు గీతలు నేలకు సమాంతరంగా కాకుండా మధ్యగీతకు లంబంగా ఉండాలి. మన గీత కిందికి పోతూ ఎడమకు వాలింది కనుక అడ్డు గీతలు కుడివైపుకు పోతూ కొద్దిగా కిందికి దిగుతాయి: 300 పిక్సెల్‌ల వెడల్పుకు 6 పిక్సెల్‌లు. ఒకసారి భుజాల గీతతో పోల్చి చూడండి. మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే భుజాలు ఒకవైపుకు, నడుము ఇంకోవైపుకు వాలుతాయి. అప్పుడు పైభాగానికి భుజాల వాలును, కిందిభాగానికి నడుము వాలును తీసుకుని, మధ్యలో క్రమంగా మార్చుకోవాలి. మనిషి ముప్పావు వంతు పక్కకు తిరిగి ఉంటే మధ్యగీత వంపు తిరుగుతుంది, దూరపు సగం ఇరుకవుతుంది. అలాంటి భంగిమలో కింద చెప్పిన తిప్పి అతికించే పద్ధతి పనికిరాదు. ఎత్తులు మాత్రమే సరిచూసి, ఆకారాలను చేత్తో గీసుకోవాలి.

మూడో పని: కాలరు

కాలరును గుండీల కన్నా ముందు సరిచేయాలి, ఎందుకంటే మొదటి గుండీ ఎత్తు కాలరు కుట్టు నుంచే లెక్కకు వస్తుంది. బంద్‌గలా కాలరులో ఒక సూక్ష్మం ఉంది. సాధారణంగా దాని రెండు కొసలు ఒకదాని మీద ఒకటి రావు. మధ్యగీత దగ్గర ఎదురెదురుగా ఆగుతాయి, లోపల ఒక కొక్కెం వాటిని పట్టి ఉంచుతుంది. కింద కోటు పొర మాత్రం మధ్యగీతను 2 సెంటీమీటర్లు దాటి పోతుంది. అంటే కాలరు చీలిక, పైపొర అంచు ఒకే గీతలో ఉండవు. కాలరు కుట్టు దగ్గర అంచు ఒక చిన్న మెట్టులా పక్కకు తిరుగుతుంది. గుండీలు చీలికకు సరిగ్గా కింద వరుసలో ఉంటాయి, అంచు వాటికి పక్కన ఉంటుంది.

మోడల్‌లు ఈ మెట్టును దాదాపు ఎప్పుడూ మింగేస్తాయి. చీలికను అలాగే కిందికి పొడిగించి దాన్నే అంచుగా చేసేస్తాయి; ఆ తర్వాత గుండీలకు చోటు లేక వాటిని పక్కకు నెడతాయి. మన చిత్రంలో గుండీలు కుడికి జారడానికి మూలం ఇక్కడే ఉంది. కొన్ని కోట్లలో కాలరు కూడా ఒకదాని మీద ఒకటి వచ్చేలా కుడతారు కనుక, మీ కోటు ఏ రకమో ముందే చూసుకోండి.

చిత్రంలో కాలరు బొమ్మ ఎడమ కొస 54 పిక్సెల్‌ల ఎత్తు ఉంది, మూల గుండ్రంగా ఉంది. అసలు కొలత 4.5 సెం.మీ. కనుక 45 × 1.2 = 54; అది సరిగ్గా ఉంది. కుడి కొస 41 పిక్సెల్‌లే ఉంది, మూల మొనదేలి ఉంది. మంచి సగంతో చెడ్డ సగాన్ని మార్చాలి. ఫ్రీ సెలెక్ట్‌తో ఎడమ సగాన్ని చీలిక నుంచి మెడ వంపు వరకు ఎంచుకుని, కొత్త లేయరుగా అతికించి, అద్దంలో లాగా అడ్డంగా తిప్పండి. మధ్యగీత వాలుగా ఉంది కాబట్టి తిప్పిన ముక్క వాలు వ్యతిరేక దిశకు పోతుంది. దాన్ని సరిచేయడానికి ఆ ముక్కను గీత వాలుకు రెండింతలు, అంటే 2.3 డిగ్రీలు, చీలిక అంచు మధ్యగీతతో కలిసే వైపుకు తిప్పండి. చిత్రం మొత్తాన్ని తిప్పి, పని అయ్యాక వెనక్కి తిప్పే దారి సులువుగా కనిపిస్తుంది గానీ, రెండుసార్లు తిప్పితే బట్ట నేత మెత్తబడిపోతుంది.

తిప్పిన ముక్కతో ఇంకో చిక్కు వెలుతురు. మన చిత్రంలో వెలుగు బొమ్మ ఎడమ నుంచి వస్తోంది. తిప్పిన కొస మీద మెరుపు కుడివైపుకు వచ్చేసింది. ఆ ముక్కను కర్వ్స్‌తో కొంచెం నల్లబరిచి, మెరుపు ఉన్న అంచును పక్కన ఉన్న బట్ట రంగుతో తేలికగా కప్పండి. నునుపుగా రావలసిన అవసరం లేదు. ఆకారం సరిగ్గా ఉంటే చాలు. వెలుతురును ఇన్‌పెయింట్ సర్దుతుంది. మెట్టును కూడా ఇప్పుడే వేయండి: కాలరు కుట్టు దగ్గర నుంచి, మధ్యగీతకు బొమ్మ ఎడమవైపు 24 పిక్సెల్‌ల దూరంలో, గీతకు సమాంతరంగా ఒక సన్నని ముదురు గీత, దానికి ఎడమ పక్కన పలచని నీడ. చీలిక కింద మోడల్ వేసిన పాత అంచును క్లోన్ టూల్‌తో బట్టతో కప్పేయండి.

నాలుగో పని: గుండీలు

ఇక్కడ కంటిని నమ్మకండి, లెక్కనే నమ్మండి. మొదటి గుండీ కాలరు కుట్టు కింద 4 సెం.మీ., అంటే 48 పిక్సెల్‌లు; y = 418. గుండీల దూరం 10 సెం.మీ., అంటే 120. మిగిలినవి 538, 658, 778, 898 దగ్గర వస్తాయి. మధ్యగీత మీద వాటి x విలువలు 516, 514, 511, 509, 506. మోడల్ గీసిన ఆరు గుండీల మధ్య దూరాలు 84 నుంచి 129 వరకు రకరకాలుగా ఉన్నాయి. చివరిది గీతకు 25 పిక్సెల్‌లు కుడిగా, అంటే దాదాపు తన అడ్డుకొలత అంత దూరం జరిగి ఉంది.

ముందుగా ఆరు గుండీలనూ చెరిపేయండి. ఉన్నవాటిని జరపాలని చూస్తే వాటి నీడలు, బట్ట ముడతలు పాత చోటే మిగిలిపోతాయి. హీల్ టూల్‌తో చెరిపాక బట్ట ఖాళీగా ఉండాలి. తర్వాత ఒక మంచి గుండీ కావాలి. అసలు కోటు గుండీనే కిటికీ వెలుతురులో, పైనుంచి నిటారుగా ఫోటో తీసుకోవడం అన్నిటికన్నా మేలు. ఇత్తడి గుండీ మీద ముద్ర ఉంటే ఇంకో దారి లేదు కూడా. ఆ ఫోటోను కత్తిరించి, 24 పిక్సెల్‌లకు తగ్గించి, ఐదు నకళ్లను పై బిందువుల మీద నడిమి సరిపోయేలా పెట్టండి. గుండీ ఫోటోలోని వెలుగు కూడా చిత్రంలోలాగే ఎడమ నుంచి ఉండాలి. ప్రతి గుండీకి పక్కన, బొమ్మ కుడివైపు, అంచుకు దూరంగా పోయే దిశలో పొట్టిగా బయటికి కనిపించే అడ్డ కాజా గీత వేయండి. కోటు కాజాలు అడ్డంగా ఉంటాయి. చొక్కా ముందుపట్టీ కాజాల్లా నిలువుగా వేస్తే టైలరు వెంటనే పట్టేస్తాడు.

ఇప్పుడు ఇన్‌పెయింట్. ఇక్కడ Inpaint area అనే చోట Only masked ఎంచుకోవడమే కీలకం. అలా చేస్తే మాస్కు వేసిన చోటును, అంటే మళ్లీ గీయమని మీరు రంగు పూసిన చోటును, మోడల్ విడిగా కత్తిరించి, పెద్దది చేసి, గీసి, మళ్లీ చిన్నది చేసి అతికిస్తుంది. ఒక గుండీ చుట్టూ 80 పిక్సెల్‌ల మాస్కు వేసి, Only masked padding, pixels దగ్గర 88 ఇస్తే కత్తిరించిన ముక్క 256 పిక్సెల్‌లది అవుతుంది. దాన్ని 1024కు పెంచితే నాలుగు రెట్లు. 24 పిక్సెల్‌ల గుండీ 96 అవుతుంది, మూడు గడుల చోట పన్నెండు గడులు వస్తాయి. ముందు చెప్పిన చోటు కొరత ఇలా తీరుతుంది. ఒక్కో గుండీని విడిగా చేయండి. ఐదింటినీ ఒకే మాస్కులో వేస్తే ముక్క పొడుగై, పెంచడానికి వీల్లేక మళ్లీ మొదటికొస్తుంది.

Masked content దగ్గర original పెట్టండి, ఉన్న చిత్రాన్ని ఎంత మేరకు మార్చాలో చెప్పే Denoising strength దగ్గర 0.3 నుంచి 0.35 పెట్టండి. 0.2 కన్నా తగ్గితే అతికించిన గుండీ బట్ట మీద తేలినట్టే ఉంటుంది. 0.5 దాటితే మోడల్ మీరు పెట్టిన చోటును వదిలేసి తన ఇష్టం వచ్చినట్టు గీస్తుంది. ప్రాంప్టులో మనిషి, పెళ్లి, కోటు అని మొత్తం చెప్పకూడదు. ముక్కలో కనిపించేదే చెప్పాలి. ‘బంద్‌గలా తొడుక్కున్న మనిషి’ అని రాస్తే ఆ చిన్న ముక్కలో ఇంకో చిన్న మనిషిని ఇరికించడానికి చూస్తుంది. నేను వాడేది ఇంత చిన్నది:

```
macro photo, one round brass button on navy wool fabric,
horizontal buttonhole, soft light from left
```

కాలరుకూ ఇదే పద్ధతి, కాని మాస్కు పెద్దది కనుక Denoising strength 0.35 నుంచి 0.4 వరకు పోవచ్చు. ఒక్కసారికి నాలుగు చిత్రాలు చేయించుకుని, మధ్యగీత లేయరును పైన పెట్టి, గుండీ నడిమి 2 పిక్సెల్‌ల కన్నా ఎక్కువ జరగని దాన్ని ఎంచుకోండి. మొదటిది అందంగా ఉందని తీసుకోకండి.

జేబులు

జేబుల పని దీనితో పోలిస్తే తేలిక. రొమ్ము జేబు మనిషి ఎడమన, అంటే బొమ్మ కుడిన మాత్రమే ఉండాలి. బొమ్మ ఎడమన ఉన్నదాన్ని చెరిపేయండి. మిగిలినదాని పట్టీ చంక వైపు కొంచెం పైకి లేచి ఉందో లేదో చూడండి. అడ్డంగా గానీ, మధ్యగీత వైపు పైకి గానీ ఉంటే తిప్పి పెట్టండి. సౌష్ఠవం కోసం చిత్రంలో సగాన్ని అద్దంలా తిప్పి అతికించేస్తే ఈ జేబు రెండు వైపులా వస్తుంది, పైపొర అంచు మాయమవుతుంది. కోటు పూర్తి సౌష్ఠవం ఉన్న వస్తువు కాదు కాబట్టి ఆ అడ్డదారి ఎప్పుడూ పట్టకండి.

కింది ఫ్లాపులు చివరి గుండీ ఎత్తులో, మధ్యగీతకు లంబమైన గీత మీద ఉండాలి. గీత నుంచి 150 పిక్సెల్‌ల దూరంలో ఎడమన y = 895, కుడిన y = 901 రావాలి. మోడల్ 893, 931 ఇచ్చింది. ఎడమది వదిలేయవచ్చు, కుడిది 30 పిక్సెల్‌లు, అంటే 2.5 సెం.మీ. పైకి రావాలి. ఫ్లాపును, దాని కింది నీడను కలిపి ఎంచుకుని పైకి జరిపి, ఖాళీ అయిన చోటును బట్టతో నింపండి. ఫ్లాపు లోతు 5.5 సెం.మీ., అంటే 66 పిక్సెల్‌లు ఉందో లేదో చూసుకోండి. చేయి పక్కన ఆనుకుని ఒక ఫ్లాపు సగం దాగితే, కనిపించే సగం ఎత్తు సరిపోతే చాలు. గళ్ల బట్ట, చారల బట్ట అయితే ఫ్లాపు మీది చార పైనా కిందా ఉన్న చారతో కలవాలి. అప్పుడు ఇన్‌పెయింట్‌ను నమ్మకండి, పక్కనున్న బట్టను క్లోన్ చేసి చారలు కలిపాక Denoising strength 0.15 దాటనివ్వకండి.

జిప్పు ఉన్న జాకెట్ అయితే

బంద్‌గలాకు జిప్పు ఉండదు గానీ, అదే దుకాణం బాంబర్ జాకెట్ల చిత్రాలు కూడా చేయిస్తుంది కనుక దీని గురించీ చెప్పాలి. జిప్పు స్లైడరుకు కింద పళ్లు కలిసి ఉంటాయి, పైన విడిపోయి రెండు టేపులు చెరోవైపుకు తెరుచుకుంటాయి. మోడల్‌లు స్లైడరును రొమ్ము మధ్యలో వేసి, దాని పైన కూడా పళ్లు కలిపేస్తాయి. దీనికి రెండే దిద్దుబాట్లు ఉన్నాయి. స్లైడరును కాలరు దగ్గరికి, పళ్ల వరుస పైకొసకు తీసుకుపోవాలి. లేదా స్లైడరు పైభాగాన్ని ఇంగ్లీషు వీ అక్షరంలా తెరిచి, లోపలి చొక్కా కనిపించేలా చేయాలి. మొదటిది పది నిమిషాల పని, రెండోది గంట పని.

పళ్ల విషయంలో మోడల్ సాయం దొరకదు. జాకెట్లకు ఎక్కువగా వాడే 5వ నంబరు జిప్పులో కలిసిన పళ్ల వరుస వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. మన కొలమానంలో 7 పిక్సెల్‌లు, అంటే ఒక గడికి కూడా చాలదు. ఈ పరిమాణంలో పళ్లు ఒక్కొక్కటీ కనిపించనక్కరలేదు. ముదురు గీత నడుమ సన్నని మెరుపు గీత వేస్తే కన్ను దాన్ని జిప్పుగానే చదువుతుంది. దగ్గర చిత్రం కావాలంటే అసలు జిప్పును మూసి, బల్ల మీద చక్కగా పరిచి ఫోటో తీసి, ఇన్‌పెయింట్ పనులన్నీ ముగిశాక చివరి లేయరుగా అతికించండి. దాన్ని మళ్లీ మోడల్ గుండా పంపితే పళ్లు కరిగిపోతాయి.

చివరి పరీక్ష

పని అయ్యాక చిత్రం నకలును అడ్డంగా తిప్పి, మధ్యగీతలు కలిసేలా 2.3 డిగ్రీలు సర్ది, 50 శాతం పారదర్శకతతో అసలు చిత్రం మీద పెట్టండి. ఇప్పుడు తేడాలు జంటలుగా కనిపిస్తాయి. పైపొర అంచు, కాజాలు, రొమ్ము జేబు జంటగా కనిపించాలి. అవి జంటగా కనిపించకపోతే ఎక్కడో పొరపాటున అద్దం తిప్పుడు జరిగిందని అర్థం. కాలరు కొసలు, భుజాల అంచులు, ఫ్లాపుల పైకుట్లు, గుండీలు జంటగా కనిపించకూడదు. చేతులు, ముఖం, ముడతలు ఎలాగూ కలవవు, వాటిని పట్టించుకోకండి. మన చిత్రంలో మొదటిసారి నాలుగో గుండీ రెండుగా కనిపించింది. ఇన్‌పెయింట్‌లో అది 4 పిక్సెల్‌లు కుడికి జరిగింది. ఆ ఒక్కదాన్నీ మళ్లీ చేయవలసి వచ్చింది.

తర్వాత కోటును పక్కన పెట్టుకుని గుండీలు గట్టిగా లెక్కపెట్టండి. ఇది చిన్నతనంగా అనిపించవచ్చు. ఆరు గుండీల చిత్రం చూసి ఆర్డరు ఇచ్చిన పెళ్లికొడుకు, ఐదు గుండీల కోటు చేతికొచ్చాక ఒక దుకాణంలో ‘చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి’ అని అడిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ చిత్రం చేసింది నేనే. అప్పటి నుంచి కొలతల కాగితం మీద అన్నిటికన్నా పైన గుండీల సంఖ్య రాస్తున్నాను. ఎరుపు గీతల లేయరుతో సహా ఫైలును గింప్ సొంత రూపమైన XCF గా దాచుకోండి; అదే కోటును ఇంకో రంగులో, అదే భంగిమలో చేయించినప్పుడు ఆ గీతలన్నీ మళ్లీ పనికొస్తాయి.